నాడె మెట్లెక్కని ఏడాది

ఎమ్మిగనూరు నేసేవాళ్ల వీధికి ఆ కాలంలో గంజి వాసనతో తెల్లారేది. పంతొమ్మిది వందల ముప్పైల నాటి మాట. పడుగును, అంటే మగ్గానికెక్కే నిలువు దారాలన్నిటినీ, వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగదీసి గుంజలకు కట్టేవాళ్లు. దానికి గంజి పూసి, పెద్ద కుంచెతో దువ్వుతూ మనుషులు అటూ ఇటూ నడిచేవాళ్లు. ఎండ ముదిరి దారం బిరుసెక్కేలోపల దువ్వడం ముగియాలి గనక నడక మధ్యలో ఆగడమనేది లేదు. వీధి పొడుగునా పడుగు, పడుగు పొడుగునా అడుగు. ఓపిక అనే మాట 'ఓ పిక్క' నుంచే పుట్టిందని మా వీధి వాదన. పండితులు ఒప్పుకోరు, వాళ్లకు పిక్కలుండవు గనక.

ఆ వీధి నడిమధ్యలో ఉండేది వెంకటరాముడి మిద్దె. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్లలో వాతం చేరి మగ్గం దిగి, కొడుకు చిన్నన్నను ఎక్కించినాడు. ఎక్కించినాడు అంటున్నాను గానీ, మాది గుంట మగ్గం. నేసేవాడు నేలలో తవ్విన గుంటలో కాళ్లు దించుకుని కూర్చోవాలి. కాబట్టి తండ్రి గుంట లోంచి ఎక్కినాడు, కొడుకు గుంట లోకి దిగినాడు. మా వీధిలో పైకి రావడమంటే అంతే.

మగ్గం దిగిన తర్వాత ముసలాయన అరుగు మీద కూర్చుని ఉగాది వేట కథలు చెప్పేవాడు. ఉగాది నాడు పచ్చడి తిన్నాక వీధి వీధంతా కుక్కలు తోలుకుని ఊరి పక్క వాగు, అదే వంక, దాటి, రాళ్ల గరుగు నేలల్లో కుందేళ్ల వేటకు పోవడం మాకు ఆనవాయితీ. మామూలు ఊరకుక్కలు కావు అవి. పొడుగు కాళ్లు, లోపలికి గుంజుకున్న పొట్ట, గాలికి పుట్టినట్టుండే వేట కుక్కలు. అందులో ఒక మర్యాద ఉండేది. కుందేలు లేచినప్పుడు మొట్టమొదట ఏ కుక్క పలుపు విప్పాలి? వేటగాళ్లలో పెద్దవాడి కుక్కది. దాన్ని మొదటి విడుపు అనేవాళ్లు. పెద్దవాడైతే చాలదు, చేతిలో కుక్క ఉండాల. వెంకటరాముడి చేతిలో ఒకప్పుడు హంస అనే ఆడకుక్క ఉండేది. అది పోయిన తర్వాత చేయి ఖాళీ అయింది, విడుపు ఎదురింటి గోపన్నకు పోయింది. గోపన్న కూడా నేసేవాడే, యాభై ఏళ్లవాడు. ఆయన మగ్గానికి పేక, అంటే అడ్డదారం, ఒక్కోసారి తెగేది గానీ, ఆయన మాటకు ఎన్నడూ తెగలేదు.

ముసలాయనకు పెద్ద కోరికలు లేవు. ఆస్తి అడగలేదు, కాశీ అడగలేదు. ఇంకొక్క విడుపు. పోయేలోపల ఇంకొక్కసారి తన చేత్తో పలుపు విప్పాల. అంతే.

ఆ కోరిక సుంకమ్మ చెవిన పడింది. సుంకమ్మది వంక అవతలి గొర్రెలకాపరుల పల్లె. ఆమె మొగుడు సోమన్న, వెంకటరాముడు పడుచుకాలంలో వేట జోడీ. సోమన్న పోయినా ఆయన పెంచిన కుక్కల సంతు మాత్రం సుంకమ్మ దగ్గర నిలిచింది. గొర్రెలనూ, కొడుకులనూ, కుక్కలనూ ఒకే గొంతుతో అదిలించే మనిషి ఆమె. వంక ఈ ఒడ్డున ఉన్న మాకు కూడా ఆ అదిలింపు వినబడి, మేమూ ఏదో తప్పు చేసినట్టు సర్దుకుని కూర్చునేవాళ్లం.

ఆషాఢంలో ఒకనాడు ఆమె కొంగులో కుక్కపిల్లనొకదాన్ని కట్టుకుని వచ్చింది. మట్టిరంగు మగపిల్ల. పాదాలు ఒంటికి రెండింతలున్నాయి. హంస మునిమనవడని చెప్పి ముసలాయన ఒళ్లో పెట్టి, ఒకటే మాట అంది: ముందు పెరగనీయండి, వేట తర్వాత, నేను చెప్పిందాకా తేవొద్దు. ఇంటిల్లిపాదీ తలలూపినారు. ఏదైనా చేతికి అందేటప్పుడు మనుషులు ఊపే ఊపు అది. మాట చెవిలో పడుతుంది, లోపలికి దిగదు.

పిల్ల ఇంట్లో దిగిన క్షణం నుంచి అటూ ఇటూ, ఇటూ అటూ, ఒకటే తిరుగుడు. మగ్గంలో పేక దారాన్ని మోసుకుని అటూ ఇటూ పరిగెత్తేదాన్ని నాడె అంటాం. తెచ్చిన నాడే దానికి నాడె అని పేరు పడింది.

ఇక వాణ్ణి ఎట్లా పెంచినారో చెప్పాలి. ప్రేమగా పెంచినారు. అక్కడే వచ్చింది తంటా.

పడుగు దువ్వే పొద్దుల్లో నాడెను వదిలిపెడితే తడి దారాన్ని కొరికేస్తాడు. ఇంట్లో కట్టేస్తే వీధి అదిరేటట్టు ఏడుస్తాడు. అందుకని చిన్నన్న వాడి పలుపును తన మొలకు కట్టుకున్నాడు. ఆయన కుంచెతో నడిస్తే వాడూ నడవాల్సిందే. ఆయన తిరిగితే వాడూ తిరగాల. రాయిలా గట్టిపడిన వీధి నేల, పని ముగిసిందాకా ఆగని నడక. పిల్ల కూర్చుందామని చూస్తే మొల లాగుతుంది. దారానికి గంజి బలం, కాళ్లకు నడక బలం అని ముసలాయన అరుగు మీది నుంచి మెచ్చుకునేవాడు. నేతగాడి ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఆ ముచ్చట జరిగి ఉండదు.

పడుగు పని లేని పూట చిన్నన్న మగ్గం గుంటలో ఉంటాడు. నాడెకు ఆయన కాళ్ల దగ్గర పడుకోవాలని ఆశ. అంచు మీది నుంచి గుంటలోకి ఒక దూకు, చిన్నన్న తొక్కుడు కట్టె కదిలించగానే ఉలిక్కిపడి పైకి ఇంకొక దూకు. గుంటకూ కుంటుకూ మధ్య ఎంతో దూరం లేదని అప్పుడెవరికీ తోచలేదు.

ఇక మిద్దె. అద్దకం చేసిన నూలు చిలపలను, అంటే దారపు కట్టలను, గురమ్మ మిద్దె మీద ఆరేసేది. గురమ్మ చిన్నన్న పెళ్లాం. మెట్లు నిట్టనిలువు, రాతివి. ఆమెకు అది మెట్టినిల్లు అయితే నాడెకు మెట్లిల్లు. ఆమె ఎక్కితే వాడూ ఎక్కేవాడు, ఆమె దిగేలోపల వాడు మూడుసార్లు దిగి ఎక్కేవాడు. చాలదన్నట్టు ముసలాయన చిక్కు నూలు ఉండ చేసి మెట్ల మీదికి విసిరేవాడు, వాడు పోయి తెచ్చేవాడు. ఆయన మోకాళ్లు ఎక్కలేని మెట్లను వాడు ఎక్కుతుంటే చూసి చూసి ఆయన కడుపు నిండేది. వాడి కడుపు నింపడానికి గురమ్మ ఉంది. కొర్ర సంగటిలో నెయ్యి, పైన కారం లేని పప్పు. సంగటి సంగతి వీధంతా తెలుసు. నాడె ఎంత ఒళ్లు చేసినాడంటే వీపు మీద నీళ్లు పోస్తే నిలుస్తాయని గోపన్న అనేవాడు.

కార్తీకంలో వాడు తేడా చూపించినాడు. నిద్ర లేస్తూనే ముందర కాళ్లు నేల మీద ఆనించడానికి జంకేవాడు. కాసేపు కుంటి, వేడెక్కినాక సర్దుకునేవాడు. మెట్లెక్కేటప్పుడు వెనక కాళ్లు రెండూ జోడించి ఒక్కసారిగా ఎగిరేవాడు. దాన్ని చూసి ముసలాయన మురిసిపోయినాడు: కుందేలును పట్టే కుక్క కుందేలు మాదిరే ఎగురుతాండాది, రక్తంలోనే ఉండాదని. కుంటు గట్టిపడే కొద్దీ, కాళ్లు బిగుసుకున్నాయేమో, సాగదీయాలని ఇంకొంచెం ఎక్కువ నడిపించినారు. దారం బిగుసుకుంటే సాగదీసే ఇల్లు కదా.

చివరికొక పొద్దున నాడె మెట్ల కింద నిలబడి, పైకి చూసి, ఎక్కకుండా కూర్చున్నాడు. గురమ్మ పైనుంచి పిలిచింది. తోక ఊపినాడు గానీ లేవలేదు. ముసలాయన మొహం అప్పుడు మారింది.

గోపన్న వచ్చి చూసి, కాలికి ఇనుము కాల్చి వాత పెట్టమన్నాడు. ఎద్దులకు పెడతారు, కుక్కలకెందుకు పెట్టరని ఆయన తర్కం. అన్నకు వాతం, కుక్కకు వాత, ఇంటికి సరిపోయిందని ఒక పరాచికం కూడా ఆడినాడు. చిన్నన్న కొలిమి వైపు చూడటం మొదలుపెట్టినాడు గానీ, గురమ్మ మాత్రం ఎవరితో చెప్పకుండా కూరగాయలమ్మే ఆమెతో వంక అవతలికి కబురు పంపింది.

సుంకమ్మ సంత రోజు తెల్లవారే వచ్చింది. అరుగు మీద ముసలాయన పక్కన కూర్చుని, వక్క నములుతూ చూస్తూ ఉంది. ఆ పొద్దు కూడా పడుగు సాగింది. నాడె చిన్నన్న మొలకు వేలాడుతూ కుంటుతూ పోయినాడు, వచ్చినాడు, పోయినాడు. కాసేపటికి ఆమె వక్క ఊసి లేచింది.

"ఏమప్పా చిన్నన్నా," అంది, "చీర నేసేది నువ్వా, కుక్కనా?"

చిన్నన్న ఆగినాడు. మా వీధిలో పడుగు దువ్వుతూ మనిషి ఆగడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

ఆమె పలుపు విప్పి నాడెను ఒళ్లో పడుకోబెట్టుకుంది. వేళ్ల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి తడుముకుంటూ పోయింది. ఒక కాలు, తర్వాత దాని జోడు, రెండూ పోల్చుకుంటూ. ముందర కాళ్ల మణికట్టు కీలు పైన వాపుంది, వెచ్చగా ఉంది. అక్కడ నొక్కగానే నాడె కాలు లాక్కుని ఆమె చేయి నాకినాడు. వెనక కాళ్ల తుంటి దగ్గర కదిపితే మూలిగినాడు. తర్వాత లోపలికి పోయి గుంట చూసింది, మెట్లు చూసింది, సంగటి గిన్నె చూసింది. వచ్చి అందరినీ నిలబెట్టి మాట్లాడింది.

"గోడ పెట్టినాక తడి ఆరకముందే దాని మీద దూలం పెడ్తారా మీరు? పెట్టరు గదా. పిల్ల ఎముకా అంతే. నడుమ గట్టిపడ్తాది గానీ కొసలు ఇంకా లేత. ఆ లేత కాడ నుంచే పెరిగేది. దాని మీద దూకుడు, మెట్లు, గట్టినేల నడక. యాడ నిలుస్తాది?"

ముసలాయన వాడు పొడుగైనాడు కదా అని గొణిగినాడు. పొడుగు వేరు, ముదురు వేరు అంది సుంకమ్మ. ఒళ్లు చూసి మోసపోతారు. చూపుకు పెద్దకుక్క, లోపల ఇంకా పసిబిడ్డ. ఏడాదిన్నర నిండిందాకా ఈ జాతి కీళ్లు కుదురుకోవని, తన మొగుడు కూడా ఒకసారి ఇట్లాగే తొందరపడి ఒక పిల్లను బండి వెనక పరిగెత్తించినాడని, అది పెరిగి అందంగానే ఉన్నా ముందర కాళ్లు వంకరపోయి బతికినన్నాళ్లూ వసారాలోనే ఉండిపోయిందని చెప్పింది. సోమన్న ఎప్పుడూ ఎవరికీ చెప్పని కథ అది. వెంకటరాముడికి కూడా.

వాత మాట ఎవరో ఎత్తగానే ఆమె గోపన్న వైపు తిరిగి, ముందు నీ నాలుకకు పెట్టుకో, ఫలితం చూసి తర్వాత కుక్క సంగతి చూద్దామంది. ఆ పూటకు గోపన్న పేక తెగింది.

"మందు ల్యాదా సుంకమ్మా?" అని ముసలాయన అడిగినాడు.

"ఉండాది. పండుకోనీ."

అది మందు కాదు, మా ఇంటి మీద ఆంక్ష అని చిన్నన్న తర్వాత చెప్పేవాడు. వాపు తగ్గేదాకా నాడెకు నడక లేదు. దొడ్డికి పోయి రావడం, వచ్చి పడుకోవడం. తర్వాత కూడా పలుపు కట్టి లాక్కుపోయే నడక లేదు. వంక ఇసకలోనో, దున్నిన చేనిలోనో కొంచెంసేపు వదలాల. వాడు ఎంత దూరం పోతే అంత, వాడు కూర్చుంటే మనమూ కూర్చోవాల, వాసన చూస్తే చూడనీయాల. తనంతట తాను ఆడుకుని తనంతట తాను ఆపే ఆట మంచిదే. మనం ఉండ విసిరి, గిరుక్కున తిప్పి, అలసినా ఆపకుండా ఆడించేదే చెరుపు. పెద్దకుక్కలతో పోటీ వద్దు. మెట్లు వద్దు. ఎక్కాల్సి వస్తే ఎత్తుకోవాల, గుంటలోకి దించాలన్నా చేతులతోనే. ఇక గురమ్మకు ప్రత్యేకంగా: నెయ్యి మానుకో. పక్కటెముకలు కంటికి పొడుచుకు రాకూడదు, చేత్తో తడిమితే మాత్రం తగలాల. లేత కాళ్లకు బరువు కూడా ఒక దూకే.

గురమ్మకు కోపమొచ్చింది. బిడ్డను మాడ్చమంటాదని రెండు రోజులు సణిగింది. మూడో రోజు నుంచి సంగటి తగ్గింది, నెయ్యి మామకు చేరింది. ఆయన పక్కటెముకలను మాత్రం ఎవరూ తడమలేదు.

ఆ తర్వాతి నెలలు మా వీధి మరిచిపోలేదు. గురమ్మ విరిగిన నులకమంచాన్ని మెట్లకు అడ్డం పెట్టింది; చిలపలు మోసుకుని దాన్ని దాటడం ఆమెకే కష్టమయ్యేది, తిట్టుకుంటూ దాటేది. చిన్నన్న మగ్గం దిగినప్పుడల్లా గుంట మీద పలక మూసేవాడు. పడుగు దువ్వే పొద్దుల్లో నాడె అరుగు మీద ముసలాయన ఒళ్లో ఉండేవాడు. అరుగు కూడా ఎత్తే గనక ఎక్కించడం, దించడం చిన్నన్న పని. దువ్వుతూ దువ్వుతూ కుంచె వదిలి పరిగెత్తి వచ్చేవాడు కుక్కను దించడానికి. కుక్కను సింహాసనం ఎక్కించేవాళ్ల సంగతి విన్నాం, కుక్కను దించే నేతగాణ్ణి చూస్తాండామని గోపన్న ఎదురింటి నుంచి అందుకునేవాడు.

సాయంత్రాలు ముసలాయన కర్ర పట్టుకుని నాడెతో వంక ఇసకలోకి పోయేవాడు. అంతకుముందు ఆయన ఇల్లు దాటి ఏడాదయింది. ఎవరైనా తోడు పోతే ఆయన నడక వాళ్లకు విసుగు, వాళ్ల నడక ఆయనకు నొప్పి. నాడెతో ఆ గొడవ లేదు. నాలుగడుగులు, ఒక తుమ్మమొద్దు వాసన. ఇంకో నాలుగడుగులు, కూర్చోవడం. వీడు నా ఈడువాడు అనేవాడు ఆయన. చలి వెనకబట్టేసరికి వాపు పోయింది, కుంటు పోయింది. వెనక కాళ్లు జోడించి ఎగరడం మానేసి ఒకదాని వెనక ఒకటి వేయడం మొదలుపెట్టినాడు. ఇసకలో వాడి అడుగులను ముసలాయన వంగి చూసేవాడట, నేసిన గుడ్డలో అల్లిక చూసినట్టు.

ఉగాది దగ్గరపడింది. నాడెకు పదో నెల. నిలబడితే చిన్నన్న తొడ దాటినాడు. మెడ ఎత్తితే కనుచూపు మేర వాడిదే. గోపన్న కుక్క పక్కన నిలబెడితే అది వీడి తమ్ముడిలా ఉంది. వీధిలో అందరిదీ ఒకటే మాట: ఇక ఏమి అడ్డం? కుంటు లేదు, కాలు చూడు, ఛాతీ చూడు. ఉగాదికి పచ్చడి తినాల్సిందే గానీ, కాళ్లు పచ్చడి చేసుకోవాల్సిన పనిలేదని గురమ్మ ఒక్కతే అనేది. ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆ చలికాలంలో ముసలాయనకు రెండుసార్లు జ్వరం వచ్చి పోయింది. మరుసటి ఉగాది అనే మాట ఆయన నోట వచ్చినప్పుడు, చిన్నన్న వేరే వైపు చూసేవాడు.

పండగ ముందు ఇంట్లో తండ్రీ కొడుకుల మధ్య మాటలు జరిగినాయి. చిన్నన్న పట్టు ఒకటే: ఒక్క పరుగుకు ఏమైతాది నాయనా, సుంకమ్మకు తెలియనీయకుండా విడిచేద్దాం, నీ కోరిక తీరుతాది. తండ్రి కోసం అన్నాడు, కుక్క మీద ప్రేమ లేక కాదు. ముసలాయన అప్పుడు అవునని అనలేదు, కాదని అనలేదు. బండి కట్టమన్నాడు, నాడెను కూడా ఎక్కించమన్నాడు.

బండిలో గడ్డి పరిచి, ముందు తండ్రిని, తర్వాత కుక్కను ఎత్తి కూర్చోబెట్టి చిన్నన్న తోలినాడు. వంక దాటి గరుగు నేలకు చేరేసరికి వీధంతా అక్కడే ఉంది. అవతలి పల్లె నుంచి కాపరులూ వచ్చినారు, వాళ్ల వెనక సుంకమ్మ. ఎండ అప్పటికే మాడుస్తోంది. కుక్కలు పలుపుల మీద నిలబడి వణుకుతున్నాయి.

గోపన్న తన కుక్కను పట్టుకుని బండి దగ్గరికి వచ్చినాడు. పరాచికమాడతాడని అందరూ చూసినారు. ఆయన ఆడలేదు. ఇన్నేళ్లూ విడుపు తన దగ్గర దాచిపెట్టినట్టుగానే అనుకున్నానని, అన్న చేతిలో ఇప్పుడు కుక్క ఉందని, అదీ తన కుక్క కన్నా పొడుగని, విడుపు అన్నదేనని అన్నాడు. అని, పక్కకు తప్పుకుని దారి వదిలినాడు. ఎగతాళి చేసి ఉంటే కాదనడం సులభంగా ఉండేది.

ముసలాయన సుంకమ్మ వైపు చూసినాడు. అదిలించే మనిషి అదిలించకుండా నిలబడింది.

"నీ కుక్క అన్నా," అంది చివరికి. "నీ చెయ్యి."

నాడె చెవులు నిక్కించి, బండి అంచు మీద ముందర కాళ్లు పెట్టి నిలబడినాడు. చిన్నన్న పలుపు ముడి వదులు చేసి తండ్రి చేతికిచ్చినాడు. ముసలాయన ఆ ముడిని వేళ్లతో కాసేపు తడిమి, మళ్లీ బిగించినాడు.

"గోపన్నా, నువ్వు విడువు," అన్నాడు. "వీడికి ఇంకా ఏడాది కూడా నిండలే."

"వచ్చే ఏటికి నువ్వుంటావో ల్యాదో నాయనా," అన్నాడు చిన్నన్న. అనకూడని మాట, పండగ పూట. ఆపుకోలేకపోయినాడు.

"నేనుంటానో ల్యాదో గానీ, వీడు ఉంటాడు గదరా. వాడి కాళ్లమీద వాడు ఉండాల."

అప్పుడే పొదలోంచి కుందేలు లేచింది. లేచి, ఎక్కడికో పోకుండా బండి పక్కగానే పోయింది. అది చూసినాక నాడెకు మర్యాదలు తెలియవు, నెలలు తెలియవు. ఒళ్లంతా విల్లులా వంచి బండి మీది నుంచి రాళ్ల మీదికి దూకబోయినాడు. ముసలాయన పలుపు నమ్ముకోలేదు. రెండు చేతులూ వాడి ఛాతీ కింద చుట్టి వెనక్కి వాలినాడు. ఇద్దరూ గడ్డిలో పడినారు. ఆయన మోకాలు బండి చట్రానికి కొట్టుకుంది. వాడు మొరిగినాడు, పెనుగులాడినాడు, ఆయన గడ్డం గోకినాడు. ఆయన వదలలేదు. కింద గోపన్న కుక్క పోయింది, దాని వెనక మిగతావి, దుమ్ము, కేకలు. దుమ్ము తగ్గిందాకా ఆ ముసలి చేతులు అట్లాగే ఉన్నాయి. మొహం మాత్రం వేట పోయిన వైపే ఉంది.

సుంకమ్మ వచ్చి బండి చక్రం పట్టుకుని నిలబడింది. "మా ఇంటాయన ఆ పొద్దు పిల్లను ఇట్లా పట్టుకోల్యా," అంది మెల్లగా.

మరుసటి ఉగాది నాటికి ముసలాయన ఉన్నాడు. నాడె నిండుగా పెరిగి, రాయి మీద నడిచినా చప్పుడు కాని కుక్కయినాడు. మొదటి విడుపు ఆయన చేతి మీదుగానే జరిగింది. ఆ పరుగు గురించి మా వీధి ఎన్నో ఏళ్లు చెప్పుకుంది. చెప్పిన ప్రతిసారీ కుందేలు కొంచెం పెరిగేది. ఆ తర్వాత రెండేళ్లకు ముసలాయన పోయినాడు. నాడె ఇంకా చాలా ఉగాదులు పరిగెత్తినాడు, కుంటకుండా. కుక్కల కథల్లో అదే గొప్ప. ఇప్పుడు పడుగు వీధిలో సాగదీసేవాళ్లు లేరు, గంజి వాసన లేదు, ఆ గరుగు నేలలు చేలైనాయి. అయినా ఉగాది అనగానే నాకు ఆ పరుగు గుర్తుకు రాదు. పరిగెత్తని ఏడాది బండి ఇంటికి తిరిగి వచ్చిన సాయంత్రమే గుర్తుకొస్తుంది.

బండి అరుగు ముందు ఆగింది. చిన్నన్న వెనక్కి వచ్చి, దెబ్బ తగిలిన మోకాలు చూసి, తండ్రిని ఎత్తుకోవడానికి చేతులు చాపినాడు.

"ముందు వాణ్ణి దించు," అన్నాడు ముసలాయన.

చిన్నన్న నాడెను ఛాతీకి ఆనించుకుని, వంగి, నాలుగు కాళ్లూ ఒకేసారి నేలకు ఆనేటట్టు మెల్లగా దించినాడు. నాడె ఒళ్లు విదిలించుకుని, నీళ్ల కుండ వైపు పోయినాడు. వాడు తిన్నగా నడుస్తున్నాడా లేదా అని గడప దాకా చూసిన తర్వాతే ముసలాయన కొడుకు మెడ చుట్టూ చేతులు వేసినాడు.